కుక్కపిల్ల ఆన్‌లైన్ బేరం: షిప్పింగ్, ఇన్సూరెన్స్, వ్యాక్సిన్ అంటూ డబ్బు అడుగుతూనే ఉంటే ఏం చేయాలి

"పిల్ల ఎయిర్‌పోర్టుకు చేరింది, ఇన్సూరెన్స్ కట్టమంటున్నారు, అది రీఫండబుల్ అంట. కట్టాలా?" ఈ ప్రశ్న మాకు తరచూ వస్తుంది. చాలామంది ఇది అడిగేసరికే రెండు మూడుసార్లు డబ్బు పంపేసి ఉంటారు. అందుకే ఈ మార్గదర్శిని రెండు భాగాలుగా రాశాం. మొదటిది, అడ్వాన్స్ పంపకముందు ఏ వరసలో ఏం తేల్చుకోవాలో చెబుతుంది. రెండోది, డబ్బు ఇప్పటికే వెళ్లిపోతే ఏ పని ముందు, ఏ పని తర్వాత చేయాలో చెబుతుంది. ఇప్పుడే డబ్బు పోయినవాళ్లు నేరుగా 7వ భాగానికి వెళ్లండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

## 1. ముందు నిజమైన ఖర్చులేమిటో తెలుసుకోండి

కుక్కపిల్లను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపడానికి అయ్యే ఖర్చులన్నీ పిల్ల గడప దాటకముందే తెలిసిపోతాయి. దారి మధ్యలో కొత్త ఖర్చు పుట్టడానికి దాదాపు వీలులేదు. ఎందుకు లేదో ఒక్కో ఖర్చునూ తీసుకుని చూద్దాం.

రవాణా. విమాన కార్గోలో పిల్ల బరువు, బోను బరువు కలిపి తూచి, బోను సైజు చూసి ఛార్జీ కడతారు. రైల్లో అయితే స్టేషన్ పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి, అక్కడే డబ్బు కట్టి రశీదు తీసుకుంటారు. రెండింట్లోనూ కట్టేది పంపేవాడు, కట్టేది బుకింగ్ దగ్గర. ఎయిర్‌లైన్ ఉద్యోగి గానీ, పార్సిల్ క్లర్కు గానీ కొనేవారికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఫోన్‌పే చేయమనడు.

బోను. "టెంపరేచర్ కంట్రోల్ క్రేట్ అద్దెకు తీసుకోవాలి" అనే మాట బాగా వినిపిస్తుంది. విమానంలో వెళ్లే బోనుకు గాలి ఆడే కంతలు, లోపల నీళ్ల గిన్నె, పిల్ల లేచి నిలబడి తిరగగలిగేంత చోటు ఉండాలి. అలాంటి బోనులు పెట్ షాపుల్లో దొరుకుతాయి. అది లేకుండా తెచ్చిన పిల్లను కౌంటర్ దగ్గరే తిప్పి పంపేస్తారు. లోపలికి తీసుకున్నాక అద్దె బోనుకు డబ్బు కట్టమని ఎవరూ అడగరు.

ఇన్సూరెన్స్. రవాణా బీమా తీసుకుంటే అది సరుకు కదలకముందే పంపేవాడు తీసుకుంటాడు. బయల్దేరిపోయిన పిల్లకు మధ్యలో బీమా పుట్టదు. ఇక "రీఫండబుల్ ఇన్సూరెన్స్" అనేదే లేదు. బీమాకు కట్టేది ప్రీమియం. పిల్ల క్షేమంగా చేరిందని ప్రీమియాన్ని వెనక్కి ఇచ్చే బీమా కంపెనీ ఉండదు. ఈ ఒక్క మాట వినపడితే చాలు, బేరం అక్కడితో ఆపేయండి.

వ్యాక్సిన్, హెల్త్ సర్టిఫికెట్. 1978 నాటి జంతు రవాణా నిబంధనల ప్రకారం కుక్కతో పాటు అది ప్రయాణానికి తగినట్టుగా ఉందని, అంటురోగ లక్షణాలు లేవని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. అది బయల్దేరకముందు తీసుకునే కాగితం. వ్యాక్సిన్ ఖర్చు పిల్ల ధరలోనే కలిసి ఉండాలి. "ఎయిర్‌పోర్టులో ఆపేశారు, అర్జెంటుగా టీకా వేయించాలి" అనే మాటలో తర్కమే లేదు. కాగితం లేకపోతే పిల్లను కార్గోలోకే తీసుకోరు.

క్వారంటైన్. ఇది విదేశాల నుంచి వచ్చే జంతువులకు సంబంధించినది. కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కేంద్రాలు ఎగుమతి, దిగుమతి వ్యవహారాలు చూస్తాయి. బెంగళూరు నుంచి విజయవాడకు, పుణె నుంచి హైదరాబాద్‌కు వచ్చే పిల్లకు క్వారంటైన్ ఫీజు ఉండదు.

"దుబాయ్ నుంచి తెప్పిస్తాం", "ఉక్రెయిన్ లైన్ పిల్ల, కస్టమ్స్‌లో ఉంది" అనే ప్రకటనలకు ఇంకో చిక్కు ఉంది. వ్యాపారం కోసం, సంతానోత్పత్తి కోసం కుక్కల దిగుమతిని కేంద్రం 2016లోనే ఆపేసింది. నివాసం మార్చుకుని వచ్చే యజమాని తన పెంపుడు కుక్కను తెచ్చుకోవడం వంటి కొన్ని సందర్భాలకే అనుమతి ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఆర్డర్ పెట్టి విదేశీ పిల్లను తెప్పించుకోవడం ఆ పరిధిలోకి రాదు.

## 2. రూపాయి పంపకముందు ఈ మెసేజ్ పెట్టండి

ఫోన్లో మాట్లాడిన ధరకు విలువ లేదు. రాతలో తీసుకోండి. అమ్మేవారికి ఈ మెసేజ్ ఉన్నదున్నట్టు పంపొచ్చు:

> "పిల్ల ధర, వేసిన వ్యాక్సిన్లు, హెల్త్ సర్టిఫికెట్, బోను, రవాణా అన్నీ కలిపి నా ఊరికి చేరేసరికి మొత్తం ఎంతో ఒకే అంకె రాయండి. ఇంతకు మించి ఒక్క రూపాయి కూడా ఉండదని రాయండి. లేదా నేనే వచ్చి తీసుకుంటాను, మీ అడ్రసు లొకేషన్ పంపండి, పిల్లను చూశాక అక్కడే మొత్తం ఇస్తాను."

ఇందులో అసలు పనిచేసేది రెండో సగం. నిజమైన బ్రీడరుకు కొనేవాడు ఇంటికి వచ్చి తీసుకెళ్లడం సంతోషం. రవాణా తలనొప్పి తప్పుతుంది, పిల్ల ఎలాంటి చేతుల్లోకి వెళ్తుందో కళ్లారా చూసుకోవచ్చు. పిల్ల లేనివాడికి మాత్రం అడ్రసు ఇవ్వడం కుదరదు. "ఇప్పుడు ఊళ్లో లేను", "ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేశాను, పిల్ల ఆర్మీ క్వార్టర్స్‌లో ఉంది, ఆర్మీ కొరియర్‌లో వస్తుంది", "ఫామ్‌లోకి బయటివాళ్లను రానివ్వం" లాంటి జవాబులు వస్తాయి. మూడోదాంట్లో కొంత నిజం ఉండొచ్చు, పార్వో అనే అంటురోగం భయంతో పిల్లల గదిలోకి కొత్తవాళ్లను రానివ్వని బ్రీడర్లు ఉన్నారు. కానీ అలాంటివారు గేటు దగ్గర కలుస్తారు, లేదా దగ్గరి పశువైద్యుడి క్లినిక్‌కు పిల్లను తెస్తామంటారు.

మీరు వెళ్లలేకపోతే ఆ ఊళ్లో ఉన్న బంధువునో, స్నేహితుణ్ణో పంపండి. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడి అమ్మానాన్నల కోసం పిల్లను బుక్ చేసేవాళ్లు ఈ మెట్టునే ఎక్కువగా వదిలేస్తున్నారు. దూరం నుంచి డబ్బు పంపడం వాళ్లకు తేలిక, వెళ్లి చూసేవాళ్లు ఉండరు. కనీసం పిల్ల చేతికి అందే చోట డబ్బు ఇచ్చే బాధ్యత ఇక్కడి మనిషికి అప్పగించండి.

## 3. పిల్ల నిజంగా ఉందో లేదో తేల్చుకోండి

ఫోటోలు, వీడియోలు సాక్ష్యం కావు. వాటిని ఏ విదేశీ కెన్నెల్ పేజీ నుంచైనా తీసుకోవచ్చు. ముందు ఫోటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి. వీడియో అయితే మధ్యలో ఆపి స్క్రీన్‌షాట్ తీసి దాన్ని వేయండి. అదే పిల్ల వేరే దేశం, వేరే పేరు, వేరే ధరతో కనిపిస్తే ఇక వెతకాల్సిన పనిలేదు. ఏమీ దొరకకపోయినా నమ్మకం పెట్టుకోకండి, ప్రైవేటు గ్రూపుల్లోంచి తీసినవి లెన్స్‌కు చిక్కవు.

ఆ తర్వాత వీడియో కాల్. రికార్డు చేసిన వీడియోను కాల్‌లో చూపించేవాళ్లూ ఉన్నారు. కాబట్టి వాళ్లు చూపించింది చూడటం కాదు, మీరు చెప్పింది వాళ్లు చేయాలి.

- పిల్ల పక్కన చెప్పు పెట్టమనండి, తర్వాత తీసేసి ఉల్లిపాయ పెట్టమనండి. ముందుగా ఊహించని వస్తువే అడగాలి.
- పిల్లను వెల్లకిలా తిప్పి పొట్ట చూపించమనండి. బొడ్డు దగ్గర ఉబ్బు ఉంటే హెర్నియా కావచ్చు, కొనేముందు డాక్టరుకు చూపించాలి.
- పెదవి ఎత్తి పళ్లు చూపించమనండి. పాలపళ్లు మూడు, నాలుగు వారాలకు మొదలై ఎనిమిది వారాల సమయానికి దాదాపు అన్నీ వస్తాయి. "రెండు నెలల పిల్ల" అని చెప్పి ముందుపళ్లు కూడా సరిగా రాని పిల్లను చూపిస్తే వయసు అబద్ధం.
- తల్లి, పిల్లలు ఒకే ఫ్రేములో ఉండేలా చూపించమనండి. తల్లి పొదుగు ఇంకా జారి ఉంటుంది, పిల్లలు దాని దగ్గరికి వెళ్తాయి.

"నెట్ బాలేదు, వీడియో పంపుతా" అంటే రేపు అదే టైముకు చేద్దామనండి. రేపు కూడా నెట్ బాలేకపోతే బేరం లేదు.

## 4. కాగితాలు చదవడం

### వయసు, రిజిస్ట్రేషన్

కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మేముందు మైక్రోచిప్ వేయించాలి. మన దగ్గర ప్రకటనల్లో కనిపించే "45 డేస్ పప్పీ" ఈ లెక్కన 56 రోజులకు ఇంకా 11 రోజులు తక్కువ. అలా అమ్మే ప్రతివాడూ మోసగాడని కాదు, చాలామంది బ్రీడర్లు ఈ నిబంధన పాటించడం లేదు. కానీ విమానంలో పంపుతామని అనేవాడు 45 రోజుల పిల్ల అంటే తప్పకుండా ఆగండి. విమాన సంస్థలు సాధారణంగా ఎనిమిది వారాల లోపు పిల్లను తీసుకోవు.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫోటో అడగండి. మైక్రోచిప్ నంబరు అడగండి, దానిలో 15 అంకెలు ఉంటాయి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే జాతి పేపర్లు ఉన్నాయంటే వాటిలో ఉన్న చిప్ నంబరూ పిల్ల మెడ దగ్గర స్కానర్ చూపే నంబరూ ఒకటే కావాలి. స్కానర్ పశువైద్యుడి దగ్గర ఉంటుంది.

### వ్యాక్సిన్ కార్డు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చూడండి, ఎందుకంటే "వ్యాక్సిన్ ఫీజు" అబద్ధం బయటపడేది ఇక్కడే. కుక్కపిల్లకు డిస్టెంపర్, పార్వో వంటి వాటికి వేసే కలిపిన టీకా మొదటి డోసు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు. దాన్ని కొన్ని వారాల తేడాతో, సుమారు 16 వారాల వయసు దాకా మళ్లీ వేస్తారు. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలు నిండాక.

అంటే ఏడెనిమిది వారాల పిల్ల కార్డులో ఒకటో డోసు, నట్టల మందు తేదీలు మాత్రమే ఉండాలి. "అన్ని వ్యాక్సిన్లూ అయిపోయాయి, రేబిస్‌తో సహా" అని ఉంటే ఆ కార్డు అబద్ధం, లేదా పిల్ల వయసు అబద్ధం.

అసలు కార్డులో ప్రతి డోసు ఎదుట టీకా సీసా మీది స్టిక్కరు అతికించి ఉంటుంది. దానిపై కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో స్టాంపు. కార్డుపై ఉన్న క్లినిక్‌ను గూగుల్ మ్యాప్స్‌లో వెతికి, అక్కడ దొరికిన నంబరుకు ఫోన్ చేసి అడగండి. కార్డు మీద ముద్రించిన నంబరుకు చేయకండి, అది కూడా అమ్మేవాడిదే అయ్యుండొచ్చు.

### బిల్లు

జీఎస్టీ నంబరు ఇస్తే `gst.gov.in`లో `Search Taxpayer` దగ్గర వేయండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడు: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. అక్కడ వచ్చే వ్యాపార పేరు, మీరు డబ్బు పంపబోయే ఖాతా పేరు ఒకటేనా చూడండి. యూపీఐ యాప్‌లో పిన్ కొట్టేముందు కనిపించే పేరును చదవకుండా ముందుకు వెళ్లొద్దు. కెన్నెల్ పేరు ఒకటి, ఖాతా వేరే రాష్ట్రంలోని ఎవరో వ్యక్తిది, "మా అకౌంటెంట్‌ది" అనే వివరణ. ఇలాంటి ఖాతా చాలావరకు అద్దెకు తీసుకున్నది.

## 5. ట్రాకింగ్ నంబరును ఇంట్లోనే పరీక్షించండి

"ఎయిర్‌వే బిల్", అంటే విమాన కార్గో రశీదు అని ఒక నంబరు, ఒక లింకు పంపుతారు. లింకు తెరిస్తే మ్యాపు, విమానం బొమ్మ, "ఆన్ హోల్డ్: ఇన్సూరెన్స్ పెండింగ్" అని ఎర్ర అక్షరాలు. ఆ సైటు అమ్మేవాడే తయారు చేయించుకున్నది. దాన్ని నమ్మాల్సిన పనిలేదు, నంబరు మీదే లెక్క వేయొచ్చు.

అసలైన ఎయిర్‌వే బిల్ నంబరులో 11 అంకెలు ఉంటాయి. మొదటి మూడు ఎయిర్‌లైన్ కోడు (ఎయిర్ ఇండియాకు 098). తర్వాతి ఎనిమిదిలో చివరి అంకె సరిచూసే అంకె. దాని ముందున్న ఏడంకెల సంఖ్యను 7తో భాగిస్తే వచ్చే శేషం ఆ చివరి అంకెతో సరిపోవాలి.

```
098-1234567?
1234567 ÷ 7  →  7 × 176366 = 1234562
1234567 − 1234562 = 5
098-12345675   సరిపోతుంది
098-12345678   సరిపోదు
```

శేషం ఎప్పుడూ 0 నుంచి 6 లోపే ఉంటుంది. అంటే నంబరు చివర 7, 8, 9 ఉంటే లెక్క వేయకుండానే అది తప్పుడు నంబరని చెప్పొచ్చు. సరిపోయినంత మాత్రాన నిజమని కాదు, పాత సరుకు బిల్లు నంబరు ఇచ్చి ఉండొచ్చు. అప్పుడు ఎయిర్‌లైన్ కార్గో సైటును మీరే వెతికి తెరిచి, అక్కడ నంబరు వేసి, బయల్దేరిన ఊరు, చేరే ఊరు, తేదీ, బరువు చూడండి. రెండు నెలల లాబ్రడార్ పిల్లకు బోనుతో కలిపి 140 కిలోలు ఉండవు.

రైలు అయితే పార్సిల్ రశీదు ఫోటో అడగండి. ట్రావెల్స్ బస్సు డిక్కీలో పంపుతామంటే ఒప్పుకోకండి. ఎండలో ఆ డిక్కీలో పిల్ల బతకడం కష్టం, పైగా రశీదు ఉండదు, అడగడానికి మనిషి ఉండడు.

## 6. మెట్టు మెట్టుగా ఎలా ఎక్కిస్తారో ఒక లెక్క

వివరించడానికి తయారుచేసిన ఉదాహరణ ఇది, కానీ వరస నిజంగా జరిగేదే. ఖమ్మంలో ఉన్న కొనుగోలుదారు, బెంగళూరు నుంచి వస్తుందని చెప్పిన గోల్డెన్ రిట్రీవర్ పిల్ల. ధర 12,000, "పిల్ల చేరాక ఇవ్వండి, టోకెన్ మాత్రం ఇప్పుడు."

| ఎప్పుడు | ఏ పేరుతో | రూపాయలు | అప్పటికి మొత్తం |
|---|---|---|---|
| సోమవారం | టోకెన్ | 3,000 | 3,000 |
| మంగళవారం ఉదయం | షిప్పింగ్ | 4,500 | 7,500 |
| మంగళవారం సాయంత్రం | రీఫండబుల్ ఇన్సూరెన్స్ | 8,500 | 16,000 |
| బుధవారం ఉదయం | వ్యాక్సిన్, సర్టిఫికెట్ | 5,200 | 21,200 |
| బుధవారం రాత్రి | క్వారంటైన్ | 9,800 | 31,000 |

ధర 12,000 ఇంకా ఇవ్వనే లేదు, 31,000 వెళ్లిపోయింది. మొదటి మెట్టు చిన్నది, ఎవరైనా ఇచ్చేస్తారు. రెండోది సమంజసంగా కనిపిస్తుంది. మూడోదే అసలు గాలం. ఇక్కడ "తిరిగి వస్తుంది" అనే మాట కలుస్తుంది కాబట్టి అంకె పెద్దదైనా భయం వేయదు. నాలుగు, అయిదు మెట్ల దగ్గర పిల్ల మీద ఆశకంటే, పోయిన 16,000 తిరిగి వస్తుందన్న ఆశ ఎక్కువగా పనిచేస్తుంది. అందుకే ఒక మెట్టు దాటినవాళ్లు సాధారణంగా రెండు మూడు దాటేస్తారు. ఇది తెలివితక్కువతనం కాదు, అలా జరిగేటట్టే ఆ వరస పేర్చారు.

ఈ కొనుగోలుదారు ఆగగలిగే చోట్లు రెండున్నాయి. మంగళవారం ఉదయం షిప్పింగ్ విడిగా అడిగినప్పుడు, "మొత్తం ఒకే అంకె" అనే రాత ముందే ఉంటే అక్కడే తేలిపోయేది, పోయేది 3,000. సాయంత్రం "రీఫండబుల్" మాట వచ్చినప్పుడు ఆగినా 7,500తో బయటపడేవారు. ఆ తర్వాత ప్రతి గంటకూ బెదిరింపు కలుస్తుంది కాబట్టి ఆగడం కష్టమవుతుంది.

ఆ బెదిరింపు గురించి. "పిల్ల ఎయిర్‌పోర్టులో ఆకలితో ఉంది, మీరు కట్టకపోతే చచ్చిపోతుంది, జంతు హింస కేసు మీ మీదే పెడతారు" అంటారు. ఒక్కోసారి పోలీసు యూనిఫాం ఫోటో ఉన్న నంబరు నుంచి కూడా వస్తుంది. మీ చేతికే రాని పిల్లను మీరు వదిలేసినట్టు కాదు. ఎవరి దగ్గర పిల్ల ఉందో దాన్ని చూసుకునే బాధ్యత వాళ్లది. మనసున్నవాళ్లనే ఈ మాట ఎక్కువ గాయపరుస్తుంది, ఆ రాత్రి నిద్రపట్టదు. అక్కడ పిల్ల లేదని తెలుసుకోవడమే దానికి మందు.

## 7. డబ్బు వెళ్లిపోతే: ఈ వరసలోనే చేయండి

మొదట, ఇక పంపడం ఆపండి. "ఇంకో 2,000 కడితే మొత్తం రీఫండ్" అన్నా వద్దు. రీఫండ్ కోసం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే చేయకండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే డబ్బు పోతుంది. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటే వేసుకోకండి.

రెండోది, వెంటనే 1930కి ఫోన్. సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ ఇది. మీ ఫిర్యాదు అందగానే మీ బ్యాంకుకు, డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. ఆ ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే దాన్ని నిలిపివేస్తారు. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకోదానికి నిమిషాల్లో తిప్పేస్తారు, ఏటీఎంలో తీసేస్తారు. అందుకే సాక్ష్యాలన్నీ సర్దుకుని చేద్దామని కూర్చోవద్దు, కింది నాలుగు దగ్గరుంటే చాలు:

- [ ] మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు
- [ ] ప్రతి చెల్లింపు తేదీ, సమయం, మొత్తం
- [ ] ప్రతి చెల్లింపు యూటీఆర్ నంబరు (యూపీఐలో 12 అంకెలు, యాప్ హిస్టరీలో ఉంటుంది)
- [ ] అవతలివాడి యూపీఐ ఐడీ లేదా ఖాతా నంబరు, ఫోన్ నంబరు

అయిదుసార్లు పంపితే అయిదూ విడివిడిగా చెప్పండి. "మొత్తం 31,000 పోయింది" అంటే వెతకడానికి వీలుండదు, ప్రతి యూటీఆర్‌కూ వేరే జాడ. చెప్పేటప్పుడు చివరి చెల్లింపుతో మొదలుపెట్టండి. ఇంకా ఖాతాలో మిగిలి ఉండే అవకాశం దానికే ఎక్కువ.

మూడోది, మీ బ్యాంకు. కార్డు వెనక గానీ, బ్యాంకు యాప్‌లో గానీ ఉన్న నంబరుకే ఫోన్ చేయండి. గూగుల్‌లో "కస్టమర్ కేర్" అని వెతికితే నకిలీ నంబర్లు వస్తాయి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే సరుకు అందలేదని ఛార్జ్‌బ్యాక్, అంటే ఆ చెల్లింపును వెనక్కి తిప్పమని అడగండి.

ఇక్కడ ఒక అపోహ. "మూడు పనిదినాల్లో చెబితే బ్యాంకు మొత్తం ఇచ్చేయాలి" అని చాలామంది నమ్ముతారు. రిజర్వ్ బ్యాంకు 2017 నాటి ఆ రక్షణ మీకు తెలియకుండా ఎవరో డబ్బు తీసిన సందర్భాలకు. మీరే పిన్ కొట్టి పంపినప్పుడు అది సూటిగా వర్తించదు. అందుకే బ్యాంకు మీదే ఆధారపడి రోజులు గడపకుండా 1930 పనే ముందు చేయాలి.

నాలుగోది, `cybercrime.gov.in`. 1930లో చెప్పాక మీకు వచ్చిన రసీదు నంబరుతో ఈ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేయాలి. వివరాలు, స్క్రీన్‌షాట్లు ఇక్కడ ఎక్కించాలి. ఈ మెట్టును వదిలేసేవాళ్లు చాలామంది, ఫోన్ చేశాం కదా అయిపోయిందనుకుంటారు.

అయిదోది, సాక్ష్యాలు. అవతలివాడిని బ్లాక్ చేయాలనిపిస్తుంది, ఆగండి. ముందు వాట్సాప్‌లో ఆ చాట్ తెరిచి `Export chat` నొక్కి, మీడియాతో సహా మీ మెయిల్‌కు పంపుకోండి. కనుమరుగయ్యే మెసేజీల సెట్టింగు ఆన్‌లో ఉంటే ఆపండి. ప్రకటన పేజీ, ప్రొఫైల్ పేజీ, నకిలీ ట్రాకింగ్ సైటు చిరునామా, అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. ఆ సైట్లు రెండు మూడు రోజుల్లో మాయమైపోవచ్చు. అప్పుడు బ్లాక్ చేయండి.

ఆరోది, పోలీసు ఫిర్యాదు. మీ దగ్గరి స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు, మోసగాడి ఊరు ఏదో తెలియాల్సిన పనిలేదు. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం, ఐటీ చట్టం 66డి కింద ఆన్‌లైన్‌లో వేరే మనిషిగా నటించి మోసగించడం ఇలాంటి కేసుల్లో వచ్చే సెక్షన్లు. ఫిర్యాదు ఒక పేజీలో, తేదీల వరసలో రాయండి. 6వ భాగంలోని పట్టిక లాంటిది వేసి ప్రతి వరసలో యూటీఆర్ చేర్చితే రాసుకునే పోలీసుకూ తేలిక.

## 8. నిలిచిపోయిన డబ్బు ఎలా తిరిగి వస్తుంది

ఖాతాలో నిలిపిన డబ్బు దానంతట అది మీ ఖాతాలోకి రాదు. కోర్టు ఉత్తర్వు కావాల్సి రావొచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా తిరిగి ఇప్పించిన సందర్భాలు చాలా ఉన్నాయి. కాబట్టి ఫిర్యాదు ఇచ్చిన కొన్ని రోజులకు దర్యాప్తు అధికారిని కలిసి, ఏ ఖాతాలో ఎంత నిలిచిందో అడగండి. నిలిచింది ఉంటే డబ్బు విడుదలకు దరఖాస్తు ఎలా వేయాలో ఆయనే చెబుతారు. ఏమీ నిలవకపోతే డబ్బు వచ్చే అవకాశం తక్కువ, అది ముందే తెలుసుకోవడం మంచిది.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, సరైన జవాబు ఇవ్వకపోయినా `cms.rbi.org.in`లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. బ్యాంకు వైపు ఆలస్యం ఉంటేనే ఇది ఉపయోగం.

"ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్" పేరుతో ఆధార్ కాపీ పంపి ఉంటే, ఆధార్ బయోమెట్రిక్‌లను లాక్ చేయండి, ఫిర్యాదులో ఆ విషయం కూడా రాయండి. ఆ కాపీతోనే రేపు ఇంకొకరి ముందు "నేను నిజమైన అమ్మకందారుణ్ణి" అని చూపిస్తారు.

ఫిర్యాదు ఇచ్చిన వారం పది రోజుల్లో ఇంకో ఫోన్ రావొచ్చు. సైబర్ సెల్ నుంచనో, లాయర్ననో, హ్యాకర్ననో చెప్పి, మీకు పోయిన మొత్తాన్ని రూపాయితో సహా చెబుతారు, రికవరీకి పది శాతం ప్రాసెసింగ్ ఫీజు అడుగుతారు. ఆ మొత్తం వాళ్లకు తెలిసింది మొదటి మోసగాడి దగ్గర నుంచే. డబ్బు తిరిగి ఇప్పించడానికి పోలీసులు గానీ, కోర్టు గానీ యూపీఐలో ఫీజు అడగరు. ఆ నంబరునూ, ఆ కాల్ సమయాన్నీ రాసుకుని అదే ఫిర్యాదుకు జత చేయమని దర్యాప్తు అధికారికి ఇవ్వండి.